గతం మారదా, మారుతుందా, చీలుతుందా: టైమ్ ట్రావెల్ కథకు ఏ నియమం పెట్టుకోవాలి

సుధ వాళ్ల అన్నయ్య రవి 2019 జూన్ 14 రాత్రి వంతెన మీద బైక్ ప్రమాదంలో పోయాడు. ఐదేళ్ల తర్వాత, కాలంలో వెనక్కి తీసుకెళ్లే యంత్రం ఒకటి సుధ చేతికి చిక్కింది. వెళ్లింది, అన్నను ఆపింది, అన్న బతికాడు. ఇంతవరకు రాయడం ఎవరికైనా తేలికే. చిక్కంతా ఆ తర్వాతి వాక్యంలో ఉంది. అన్న బతికే ఉంటే 2024లో సుధకు వెనక్కి వెళ్లాల్సిన పనే లేదు. పనిలేక ఆమె వెళ్లకపోతే, మరి ఆ రాత్రి అన్నను ఆపిందెవరు?

తాత పారడాక్స్ అని పిలిచేది దీన్నే. మనవడు వెనక్కి వెళ్లి, తండ్రి పుట్టకముందే తాతను చంపేస్తే ఆ మనవడు ఎక్కడి నుంచి వచ్చాడన్నది పాత ప్రశ్న. చంపడమైనా కాపాడడమైనా లెక్క ఒకటే. బయల్దేరడానికి కారణమైన సంగతిని బయల్దేరిన మనిషే చెరిపేస్తోంది. టైమ్ ట్రావెల్ కథల్లో పాఠకులు పట్టుకునే లొసుగుల్లో చాలా వాటిని తవ్వుకుంటూ పోతే చివరికి ఇదే ప్రశ్న తగులుతుంది.

దీనికి నిలబడే జవాబులు మూడున్నాయి. గతం మారదు అనవచ్చు. మారుతుంది, పాతది చెరిగిపోతుంది అనవచ్చు. వెళ్లిన చోట కొత్త కొమ్మ చీలుతుంది, పాతది అలాగే ఉంటుంది అనవచ్చు. మూడూ మంచివే, కానీ ఒక కథలో ఒక్కటే ఉండాలి. డ్రాఫ్ట్ పూర్తయ్యాక లొసుగులు పూడ్చుకుందామని కూర్చుంటే, ఒక అధ్యాయంలో ఒక జవాబు, ఇంకో అధ్యాయంలో ఇంకో జవాబు దూరిపోయి ఉంటాయి. వాటిని అప్పుడు విడదీయడం కంటే కథ మళ్లీ రాయడం నయం. అందుకే సుధ కథనే మూడు నియమాల కింద నడిపి చూద్దాం. ఎక్కడ ఏది బలంగా ఉంటుందో, ఎక్కడ చిరుగుతుందో అప్పుడు తెలుస్తుంది.

భౌతికశాస్త్రం తీర్పు చెప్పేస్తుందేమోనని దాని కోసం ఎదురుచూడకండి. ఐన్‌స్టీన్ సమీకరణాలకు, తన గతానికే తిరిగివచ్చే దారులున్న విశ్వం ఒక పరిష్కారంగా వస్తుందని కర్ట్ గోడెల్ 1949లోనే చూపించాడు. అలాంటివి ప్రకృతి ఒప్పుకోదేమోనని స్టీఫెన్ హాకింగ్ 1992లో వాదించాడు. మన ప్లాట్‌కు ఏది కావాలో వాళ్లిద్దరూ తేల్చలేదు. అది మనమే తేల్చుకోవాలి.

ముందు ఒక గోడ మీద గీత

మూడు నియమాల తేడా నాకు అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది ఒక చిన్న పరీక్షలో. సుధ మొదటిసారి యంత్రాన్ని నమ్మక, ఊరికే చూద్దామని ఐదేళ్లు వెనక్కి వెళ్లి, ఇంటి వెనక గోడ మీద తాళంచెవితో ఒక గీత గీసి తిరిగి వచ్చిందనుకోండి. వచ్చాక గోడ దగ్గరికి వెళ్లి చూస్తుంది.

గతం మారదు అన్న నియమంలో, ఆ గీత ఐదేళ్లుగా అక్కడే ఉంది. బయల్దేరకముందు కూడా ఆమె దాన్ని వెయ్యిసార్లు చూసింది, ఎవరు గీశారో మాత్రం తెలియదు. మారుతుంది అన్న నియమంలో, ఆమె వెళ్లేటప్పుడు గోడ నున్నగా ఉంది. ఇప్పుడు గీత ఉంది, ఇంట్లోవాళ్లని అడిగితే ఎప్పటినుంచో ఉందిగా అంటారు. నున్నటి గోడ ఆమె ఒక్కదానికే గుర్తు. చీలుతుంది అన్న నియమంలో, తాను బయల్దేరిన చోటికే ఆమె తిరిగి వచ్చివుంటే గోడ ఇప్పటికీ నున్నగానే ఉంటుంది. గీత వేరే కొమ్మలోని గోడ మీద ఉంది.

కథ మొదటి మూడో వంతులోపు ఇలాంటి చిన్న సంఘటన ఒకటి పెట్టండి. ఇది నా గట్టి అభిప్రాయం. ప్రాణాల మీదికి వచ్చిన క్లైమాక్స్‌లో నియమాన్ని మొదటిసారి చెబితే, రచయిత తప్పించుకోవడానికి అప్పటికప్పుడు పుట్టించాడనిపిస్తుంది. గోడ మీద గీతలా ముందే చూపిస్తే అదే నియమం క్లైమాక్స్‌లో పాఠకుడి గుండెను పిండుతుంది, ఎందుకంటే ఏం జరగబోతోందో అతనికి ఒక్క క్షణం ముందే తెలిసిపోతుంది.

గతం మారదు

ఈ నియమాన్ని భౌతికశాస్త్రంలో ఇగోర్ నొవికోవ్ పేరుతో పిలుస్తారు. కాలంలో వెనక్కి తిరిగే దారులంటూ ఉంటే, వాటి మీద తనకు తాను విరుద్ధం కాని సంఘటనలే జరుగుతాయి అన్నది అందులో సారం. తత్వవేత్త డేవిడ్ లూయిస్ 1976లో రాసిన వ్యాసంలో దీన్ని మనిషి వైపు నుంచి చూశాడు. తాతను చంపడానికి వెళ్లినవాడి చేతిలో తుపాకీ ఉంది, గురి ఉంది, అవకాశమూ ఉంది. ఆ లెక్కన చంపగలడు. కానీ తాత బతికాడన్నది జరిగిపోయిన సంగతి కాబట్టి చంపడు. అతన్ని ఆపేది ఏ కాలదేవతా కాదు, ఏదో మామూలు కారణమే.

కథకుడికి ఆ మామూలు కారణం దగ్గరే అసలు పని. గురి తప్పింది, కాలు జారింది, తలుపు తెరుచుకోలేదు అని వరసగా రాస్తే మూడోసారికి పాఠకుడు పుస్తకం మూసేస్తాడు. యాదృచ్ఛికం ఒక్కసారి చెల్లుతుంది. అంతకుమించి కావాలంటే వైఫల్యం మనుషుల స్వభావంలోంచి రావాలి.

నేనైతే ముందు ఒక కాగితం తీసుకుని ఆ రాత్రి గురించి సుధకు తెలిసినవన్నీ రెండు వరసలుగా రాస్తాను. ఒక వరసలో ఆమె కళ్లారా చూసినవి, రెండో వరసలో ఆమె అనుకున్నవి. చూసినవి మారవు. అనుకున్నవాటిలోనే మనకు చోటు దొరుకుతుంది.

ఆమె చూసింది: అన్న ఫోన్‌లో రాత్రి 9:31కి తెలియని నంబర్ నుంచి ఒక కాల్, 40 సెకన్లు. ప్రమాదం 9:40కి. ఆ నంబర్ ఎవరిదో కనుక్కుంటే, ఎవరో అమ్మాయి ఏడుస్తూ అడిగితే ఫోన్ ఇచ్చానని దాని యజమాని చెప్పాడు. ఆమె అనుకున్నది: అన్న ఆ రాత్రి ఎలాగూ వంతెన దాటి ఇంటికి రావాల్సినవాడే, ఆ కాల్‌కూ ప్రమాదానికీ సంబంధం లేదు.

ఇప్పుడు పెద్ద సుధ వెనక్కి వెళ్లింది. ఆమె 2024 సిమ్ అక్కడ పనికిరాదు, ఆ నంబర్ చిన్న సుధ ఫోన్‌లో నడుస్తోంది. దారిన పోయే ఒకాయనను బతిమాలి ఫోన్ తీసుకుంది. ఐదేళ్లుగా వినని గొంతు అవతల "హలో" అనగానే ఆమెకు ఏడుపు ఆగలేదు.

"అన్నయ్యా, నేను సుధని. ఈ రాత్రికి ఎక్కడికీ కదలకు."

"ఏమైందే? ఎందుకు ఏడుస్తున్నావ్? ఇంట్లో అందరూ బాగానే ఉన్నారా?"

"నువ్వు కదలకంతే, నీకు దండం పెడతా."

"నేను వస్తున్నా, ఉండు."

ఆ రాత్రి అతను స్నేహితుడి ఇంట్లోనే పడుకుందామనుకున్నాడు. చెల్లెలు ఏడుస్తుంటే కదలకుండా కూర్చునే అన్న కాడు కాబట్టి బయల్దేరాడు. ఇక్కడ తుపాకీ మొరాయించలేదు, కాలు జారలేదు. ఆమె ప్రేమ, అతని ప్రేమ కలిసి అతన్ని వంతెన మీదికి తెచ్చాయి. సుధ వెనక్కి వెళ్లడమే ప్రమాదానికి కారణం, ప్రమాదమే ఆమె వెనక్కి వెళ్లడానికి కారణం. వలయం మూసుకుంది, లొసుగు లేదు.

అయితే ఈ నియమానికి ఒక పన్ను కట్టాలి. అతను వస్తున్నా అని పెట్టేశాక సుధ ఊరుకుంటుందా? మళ్లీ మళ్లీ చేస్తుంది. బండి మీద ఉన్నాడు, ఎత్తడు. అంటే 9:34, 9:36, 9:37కి అదే నంబర్ నుంచి మూడు మిస్డ్ కాల్స్ అన్న ఫోన్‌లో ఉండి తీరాలి. మొదటి అధ్యాయంలో మీరు ఒక్క కాల్ మాత్రమే రాశారా? అయితే ఇప్పుడే వెనక్కి వెళ్లి దిద్దుకోవాలి. ఈ నియమంలో చివరి అధ్యాయంలో రాసే ప్రతి పనికీ మొదటి అధ్యాయంలో ఒక ఆనవాలు ఉండాలి. అందుకే ప్రయాణాలు పెరిగేకొద్దీ పని అమాంతం పెరిగిపోతుంది. ఈ నియమం కింద మూడు ప్రయాణాలకు మించి నేను పెట్టుకోను.

ఇంకో ప్రమాదం, పుట్టుక లేని వస్తువు. ఇందులో నేనే పడ్డాను. చాలాకాలం కిందట రాసిన ఒక కథలో, నాయిక చిన్నప్పుడు తనకొక ముసలావిడ ఇచ్చిన ఉత్తరాన్ని జీవితాంతం దాచుకుని, ముసలితనంలో వెనక్కి వెళ్లి అదే ఉత్తరాన్ని చిన్నప్పటి తనకే ఇస్తుంది. ఎంతో అందంగా ఉందనుకున్నాను. చదివిన ఒక స్నేహితురాలు రెండే ప్రశ్నలు వేసింది. ఆ ఉత్తరం రాసిందెవరు? ఆ కాగితం వయసెంత? రెండో ప్రశ్నతో నా కథ కూలిపోయింది. కాగితం ఆమె దగ్గర అరవై ఏళ్లు నలిగి, పాతబడి, వెనక్కి వెళ్తుంది. అంటే చిన్నపిల్ల చేతికి వచ్చేసరికే అది అరవై ఏళ్ల పాత కాగితం. ఇంకో అరవై ఏళ్లు దాచాక నూట ఇరవై ఏళ్లది అవుతుంది. కానీ అది అదే కాగితం, రెండు వయసులు ఉండటానికి వీల్లేదు.

భౌతికశాస్త్రంలో ఇలా చుట్టూ తిరిగే వస్తువులను జిన్ అని పిలిచారు. లొసెవ్, నొవికోవ్ 1992లో పెట్టిన పేరది. వస్తువు తిరగడం ఒక రకం, సమాచారం తిరగడం ఇంకో రకం. ముసలావిడ ఉత్తరాన్ని కొత్త కాగితం మీద తిరగరాసి ఇస్తే వయసు చిక్కు తీరిపోతుంది, ఎందుకంటే ప్రతి కాగితానికీ ఒక మొదలు, ఒక చివర ఉంటాయి. కానీ అందులోని మాటలు ఎవరివన్న ప్రశ్న మిగిలిపోతుంది. నా లెక్కలో వస్తువు తిరగడాన్ని పూర్తిగా నిషేధించాలి. సమాచారం తిరగడాన్ని కథలో ఒక్కసారి, అదీ ఆ వింతే కథకు ప్రాణమైనప్పుడు మాత్రమే ఒప్పుకోవాలి. యంత్రం నమూనా, తాళం అంకెలు, రోగానికి మందు లాంటివి భవిష్యత్తు నుంచి ఊడిపడితే ఎవరూ కష్టపడకుండానే సమస్య తీరినట్టు ఉంటుంది.

గతం మారుతుంది

పాఠకులు ఎక్కువ ఇష్టపడేది దీన్నే, ఎందుకంటే అన్న నిజంగా బతుకుతాడు. లొసుగులు ఎక్కువగా పడేదీ దీనిలోనే.

అన్నను ఆపిందెవరన్న మొదటి ప్రశ్నకు జవాబు ఒక్క వాక్యంలో రాసి గోడకు అంటించుకోండి: యంత్రంలో అడుగుపెట్టిన క్షణం నుంచి సుధను ఏ మార్పూ అంటదు. ఫైల్ మీద కొత్త ఫైల్ సేవ్ చేసినట్టు అనుకోండి. పాత పాఠం ఇక లేదు, కానీ దాన్ని దిద్దిన మనిషికి అది గుర్తుంది. సుధ బయల్దేరింది పాత వెర్షన్ నుంచి. ఆ వెర్షన్ చెరిగిపోయినా ఆమె ఉంటుంది. అన్నను ఆపిందెవరు అంటే, ఇప్పుడు లేని ఒక చరిత్ర నుంచి వచ్చిన సుధ. ఇది వింతగా ఉన్నా తనకు తాను విరుద్ధం కాదు. విరుద్ధం అయ్యేది, ఒక అధ్యాయంలో ఆమెను మార్పు అంటదని, ఇంకో అధ్యాయంలో ఆమె చెయ్యి మాయమైపోతోందని రాసినప్పుడు.

ఆ నెమ్మదిగా మాయమైపోవడం చూడటానికి ఎంతో ఉత్కంఠగా ఉంటుంది, లెక్కకు మాత్రం నిలవదు. మార్పు జరిగింది 2019లో. ఆమె పుట్టుకే చెరిగిపోయేటంత మార్పు జరిగితే ఆమె ఒక్కసారిగా లేకుండా పోవాలి. అరగంటపాటు కొంచెం కొంచెంగా పోతోందంటే ఆ అరగంట ఎవరి గడియారంలో నడుస్తోంది? మీకు కావలసింది గడువే అయితే దాన్ని వేరే చోట నుంచి తెచ్చుకోండి. యంత్రం రాత్రి పదింటికి తిరిగి లాక్కుంటుందనండి, చాలు.

రెండో ప్రశ్నను చాలామంది మరిచిపోతారు. సుధ కొత్త 2024కు తిరిగి వస్తుంది. అక్కడ ఈ ఐదేళ్లూ అన్నతో కలిసి బతికిన ఇంకో సుధ ఉండాలి కదా, ఆమె ఏమైంది? ఇద్దరూ ఉంటారనవచ్చు. లేదా తిరిగి వచ్చిన సుధ ఆ రెండో సుధ స్థానంలోకి వస్తుందనవచ్చు. రెండోది ఎంచుకుంటే దాని ఫలితాన్ని చివరిదాకా మోయాలి. రవి గుమ్మంలో నవ్వుతూ నిలబడ్డాడు, అతని చంకలో రెండేళ్ల పాప. "అత్త వచ్చింది చూడు" అంటే పాప చేతులు చాపింది. ఆ పాపకు పేరు పెట్టింది సుధేనట. సుధకు ఆ పేరు తెలియదు. అన్నను తిరిగి తెచ్చుకున్న ఆడపిల్ల ఆ క్షణంలో ఏం చేస్తుందో రాయగలిగితే, ఈ నియమం మీకు మంచి కథ ఇచ్చినట్టే. కానీ ఆ పేరు పెట్టిన సుధ ఎటు పోయిందని కథలో ఎవరో ఒకరు అడగాలి. కథ అడగకపోతే పాఠకుడు అడుగుతాడు, అప్పుడది లొసుగు అవుతుంది.

మూడో ప్రశ్న, మళ్లీ ప్రయత్నించడం. మొదటిసారి విఫలమైతే పది నిమిషాలు ముందుగా దిగి ఇంకోసారి చేయవచ్చు కదా? ఈ తలుపు మూయకపోతే కథలో ఏ ఓటమికీ బరువుండదు. మూయడానికి చాలామంది రాసే నియమం ఇది: తానున్న కాలంలోకి తాను వెళ్లకూడదు. కాస్త ఆగి చూడండి. 2019లో సుధ ఇప్పటికే ఉంది, ఇంట్లో. ఈ నియమం ప్రకారం మొదటి ప్రయాణమే కుదరదు! నియమాన్ని కచ్చితంగా రాయాలి: యాత్రికురాలిగా ఒకసారి గడిపిన గంటల్లోకి మళ్లీ యాత్రికురాలిగా దిగలేదు. అప్పుడు ఆమె జూన్ 14 రాత్రి ఎనిమిది నుంచి పదిదాకా గడిపితే ఆ రెండు గంటలూ శాశ్వతంగా మూసుకుపోతాయి. రెండో ప్రయత్నం ఎనిమిదిలోపే చేయాలి, మూడోది ఇంకా ముందు. ప్రతి ఓటమితో ఆమె ప్రమాదానికి దూరం జరిగిపోతుంది, చేతిలో పట్టు సడలిపోతుంది. ఒక అడ్డంకి ఉత్కంఠను దానంతటదే పుట్టించడం అంటే ఇదే.

కాలం చీలుతుంది

క్వాంటమ్ సిద్ధాంతానికి హ్యూ ఎవరెట్ 1957లో ఇచ్చిన వ్యాఖ్యానం నుంచి బహుప్రపంచాల ఊహ ప్రచారంలోకి వచ్చింది. దాన్ని టైమ్ ట్రావెల్ పారడాక్స్‌లకు జవాబుగా డేవిడ్ డాయిచ్ 1991లో వాడి చూపించాడు. కథకు మనం తీసుకునేది దాని ఆకారం మాత్రమే: సుధ దిగిన క్షణంలో కొత్త కొమ్మ మొదలవుతుంది.

తాత పారడాక్స్ ఇక్కడ పుట్టనే పుట్టదు. పాత కొమ్మలో రవి చనిపోయాడు, అందుకే సుధ బయల్దేరింది. కొత్త కొమ్మలో రవి బతికాడు, అక్కడి చిన్న సుధ ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు. ఇంత తేలిగ్గా చిక్కు విడిపోతుంది కాబట్టే, ఎక్కడా ఇరుక్కోకుండా రాసుకుందామని చాలామంది దీన్ని ఎంచుకుంటారు. ఇరుక్కునేది తిరుగు ప్రయాణంలో.

కొత్త కొమ్మ నుంచి ముందుకు వెళ్తే వచ్చేది ఆ కొమ్మ 2024. అక్కడ రవి ఉంటాడు, ఇంకో సుధా ఉంటుంది, వేలిముద్రలతో సహా ఇద్దరు సుధలూ ఒకటే. మన సుధకు అక్కడ పేరు లేదు, ఇల్లు లేదు. పాత కొమ్మకు రావాలంటే ముందుకో వెనక్కో కాదు, పక్కకు దూకాలి. అది యంత్రానికి వేరే శక్తి, దాన్ని వేరే చెప్పాలి. పక్కకు దూకి ఇంటికి వచ్చిందే అనుకుందాం. ఇంట్లో రవి ఫొటోకు దండ ఉంటుంది, ఎందుకంటే ఇక్కడ ఏమీ మారలేదు. చీలిక నియమం చెప్పి, చివరలో సుధ ఇంటికి వచ్చి తలుపు తీయగానే అన్న కనిపించాడని రాసిన డ్రాఫ్ట్‌లు నేను ఒకటికి మించి చదివాను. అది చీలిక కాదు, మారుతుంది అన్న నియమం దొంగదారిన వచ్చేసింది.

ఇంకో మెలిక ఉంది. చీలేది టైమ్ ట్రావెల్ జరిగినప్పుడేనా, లేక మనిషి తీసుకునే ప్రతి నిర్ణయానికీనా? రెండోది అంటే గొప్పగా వినిపిస్తుంది, కానీ కథను లోపలి నుంచి తినేస్తుంది. ప్రతి నిర్ణయానికీ కొమ్మ ఉంటే, సుధ కష్టపడకపోయినా రవి బతికిన కొమ్మ ఎక్కడో ఉండే ఉంటుంది. మరి ఆమె ఇంత పాటుపడి సాధించిందేమిటి? దిగినప్పుడు మాత్రమే చీలుతుందని కట్టడి చేయండి. అప్పుడు ఆ ప్రపంచం ఆమె వల్ల పుట్టింది, అందులోని రవి ఆమె వల్ల బతికాడు.

ఈ నియమంలో నన్ను కదిలించేది మాత్రం వెనక మిగిలిపోయినవాళ్లు. పాత కొమ్మలో కొడుకును పోగొట్టుకున్న తల్లికి ఇప్పుడు కూతురూ కనిపించడం లేదు. కొత్త కొమ్మలో సుధ ఆనందపడే ప్రతి పేజీ వెనకా ఆ ఇల్లు ఉంటుంది. దాన్ని ఒక్కసారైనా చూపించని కథ నాకు సగమే రాసినట్టనిపిస్తుంది.

మనిషి వెళ్లకుండా కబురు మాత్రమే వెనక్కి వెళ్లే కథలకూ ఈ మూడు జవాబులే వర్తిస్తాయి. ఒకే రోజు పదేపదే తిరిగి వచ్చే లూప్ కథలు దాదాపుగా రెండో నియమం కిందికి వస్తాయి, గుర్తుండేది ఎవరికి అన్నది తేల్చుకుంటే చాలు.

మరి ఏది తీసుకోవాలి

కథలో నొప్పి ఎక్కడుందో చూసి తీసుకోవాలి. జరిగినదాన్ని ఒప్పుకోవడం మీ కథ అయితే మొదటిది. ఒకటి దక్కించుకోవడానికి ఇంకోటి చెరిపేయడం మీ కథ అయితే రెండోది. వదిలి వచ్చినవాళ్లు, రెండుగా ఉన్న నేను మీ కథ అయితే మూడోది. చిన్న కథకు మొదటిది చక్కగా అమరుతుంది, ఎందుకంటే వలయం మూసుకోగానే కథ ముగుస్తుంది. పదిమంది పదిసార్లు వెనక్కి వెళ్లే సీరియల్‌కు మొదటిది పెట్టుకుంటే లెక్కలు మీ మెడకు చుట్టుకుంటాయి. రెండోదో మూడోదో మేలు. రెండోది అయితే మళ్లీ ప్రయత్నించే తలుపును మొదటి ఎపిసోడ్‌లోనే మూసేయండి.

సుధ కథకు నేను మొదటిదే ఎంచుకుంటాను. ఎంచుకున్నాక రాయడానికి ముందు చేసే పని ఒకటుంది: సంఘటనలన్నీ సుధ అనుభవించిన వరసలో రాయడం, ఆ తర్వాత వాటినే క్యాలెండర్ వరసలో తిరగరాయడం. మొదటిది ఇలా ఉంటుంది.

| సుధ వరస | తేదీ, సమయం | ఏం జరిగింది |
|---|---|---|
| 1 | 2019 జూన్ 14, రాత్రి 9:31 | చిన్న సుధ ఇంట్లో నిద్రపోతోంది |
| 2 | 2019 జూన్ 15 | అన్న ఫోన్‌లో తెలియని నంబర్: ఒక కాల్, మూడు మిస్డ్ కాల్స్ |
| 3 | 2024 | యంత్రంలోకి వెళ్లింది |
| 4 | 2019 జూన్ 14, రాత్రి 8:50 | దిగింది |
| 5 | 2019 జూన్ 14, రాత్రి 9:31 | అన్నకు ఫోన్ చేసింది |
| 6 | 2019 జూన్ 14, రాత్రి 9:34 నుంచి 9:37 | మూడుసార్లు చేసింది, ఎత్తలేదు |

దీన్ని క్యాలెండర్ వరసలోకి మార్చగానే 1, 5 పక్కపక్కకు వస్తాయి. 9:31కి ఇద్దరు సుధలు ఉన్నారు, ఒకరు రోడ్డు మీద ఏడుస్తూ, ఒకరు ఇంట్లో నిద్రలో. సుధ వరసలో చదివినంతసేపూ కనపడని లొసుగు అప్పుడు కనపడుతుంది. తెలియని నంబర్ నుంచి చెల్లెలు ఏడిస్తే, రవి బండి తీసేముందు ఏం చేస్తాడు? చెల్లెలి నంబర్‌కు ఫోన్ చేస్తాడు. ఎవరైనా అదే చేస్తారు. చిన్న సుధ ఎత్తి నేను బాగానే ఉన్నానంటే కథ అక్కడితో అయిపోతుంది.

కాబట్టి ఆమె ఎత్తి ఉండకూడదు. అయితే ఆ కాల్ ఆమె ఫోన్‌లో మిగిలే ఉండాలి. సైలెంట్‌లో పెట్టి పడుకున్న ఫోన్‌లో, రాత్రి 9:32కి, అన్నయ్య నుంచి ఒక మిస్డ్ కాల్. ఎత్తి ఉంటే బతికేవాడేమో అని ఐదేళ్లుగా ఆమె మోస్తున్నది దాన్నే. యంత్రం చిక్కగానే రెండో ఆలోచన లేకుండా ఎక్కింది కూడా అందుకే. అతను ఆ రాత్రి తనకెందుకు ఫోన్ చేశాడో ఇన్నాళ్లూ ఆమెకు తెలియలేదు. ఇప్పుడు ఎవరిదో ఫోన్ చేతిలో పట్టుకుని, అవతల లైన్ తెగిపోయాక, టైమ్ చూసుకుంటే తెలుస్తుంది.

మొదటి అధ్యాయం తెరిచి ఆ మిస్డ్ కాల్ రాయాలి.